అంచు వదులు వేరు, సాగుడు వేరు



వృత్తాలలో యతిస్థానాలను గురించి వ్రాస్తానని మాట ఇచ్చి మూడు వారాలయినది. ఆ టపా ఇంకా చిత్తుప్రతిగానే ఉన్నది. ఈ మూడు వారాలూ నా చేతిలో కలానికి బదులు రెండు అల్లిక సూదులున్నాయి. కనుక నేటి టపా ఛందస్సును గురించి కాదు, ఊలు టోపీ అంచును గురించి. తెలుగు పంతులమ్మకు ఇదేమి పని అని నవ్వేవారు నవ్వవచ్చును. చివరిదాకా చదివిన పిమ్మట నవ్వితే మరీ సంతోషిస్తాను.

మా అబ్బాయి కుటుంబం మిన్నియాపొలిస్‌లో ఉంటున్నది. అక్కడి చలి మన మన్యం చలి వంటిది కాదు, చెవులు కప్పుకోకుండా పిల్లవాణ్ణి గుమ్మం దాటనివ్వరు. అయిదేళ్ళ మనుమడికి నేనొక టోపీ అల్లి పంపించాను. పదిరోజుల తరువాత కోడలు ఫోనులో ఎంతో మర్యాదగా, "టోపీ చాలా బాగుంది అత్తయ్యా, కానీ వాడు పెట్టుకోనంటున్నాడండీ" అన్నది. కారణం అడిగితే ముందు తడబడి, ఆ మీదట ఫొటో పంపించింది. పిల్లవాడి నుదుటి మీద అడ్డంగా ఎర్రని గీత. టోపీ పట్టీ అంతా చక్కగా సాగుతున్నది, అడుగు అంచు మాత్రం తాడులా బిగుసుకొని నుదుటిని కోస్తున్నది.

నాకు అల్లిక నేర్పినది మా బడిలో హిందీ చెప్పిన టీచరుగారు. ఆవిడ భర్త సైన్యంలో పనిచేసినందున పఠాన్‌కోట్‌లో కొంతకాలం ఉండి, అక్కడ నేర్చుకొని వచ్చారు. అంచు బిగిస్తే ఏమి చేయాలో ఆవిడ చెప్పిన సూత్రం నాకు కంఠస్థం: లావు సూదితో వదులుగా కుట్లు ఎక్కించాలి, తరువాత సన్న సూదికి మారాలి. రెండవ టోపీ అలాగే చేశాను. ఎర్రగీత పోయినది. నెల తిరిగేసరికి అంచు అల్లలల్లలుగా విచ్చుకొని టోపీ పిల్లవాడి కళ్ళ మీదికి జారినదట. "నానమ్మా, నాకేమీ కనిపించట్లేదు" అని వాడే స్వయంగా చెప్పాడు.

అప్పుడు నాకు తట్టిన సంగతినే మీ ముందు పెట్టదలచాను. వదులుగా ఉండడం ఒక గుణం, సాగి మళ్ళీ ముడుచుకోవడం వేరొక గుణం. మొదటిది ఎంత ఎక్కువ చేసినా రెండవది రాదు. కాబట్టి ఒకటికొకటి రిబ్బింగ్ మొదలుపెట్టేటప్పుడు "వదులుగా ఎక్కించండి" అనే సలహా, ఎంతటి పెద్దలు చెప్పినా, రోగానికి సరిపడని మందు అని నా అభిప్రాయం. ఆ పనికి తగిన పద్ధతి ట్యూబులర్ కాస్ట్ ఆన్. అనగా అంచునే ఒక సన్నని గొట్టంగా ఆరంభించడం.

అల్లిక ఎరుగని మిత్రుల కోసం రెండు మాటలు. మన నరసాపురం లేసు కొక్కెం ఉన్న ఒకే సూదితో అల్లేది. ఇది రెండు సూదుల పని. ఒక సూది మీద ఉచ్చులు వరుసగా ఉంటాయి, వాటినే కుట్లంటున్నాను. రెండవ సూదితో ఒక్కొక్క ఉచ్చులోనుంచి కొత్త ఉచ్చును లాగుతాము. ఉచ్చును మనవైపుకు లాగితే నిట్, అవతలివైపుకు లాగితే పర్ల్. నిజానికి రెండూ ఒకటే కుట్టు. ముందునుంచి చూస్తే నిట్ అయినది వెనుకనుంచి చూస్తే పర్ల్ అవుతుంది. ఒక నిట్, ఒక పర్ల్ చొప్పున వరుస వెంట వరుస అల్లితే నిలువు చారలుగా వచ్చేదే ఒకటికొకటి రిబ్బింగ్. స్వెటరు మణికట్టు దగ్గరా, టోపీ అడుగునా ఉండే పట్టీ అదే.

ఈ పట్టీ ఎందుకు సాగుతుంది? ఊలు రబ్బరు కాదు గదా! నిట్ నిలువులు మనవైపుకు పొంగుతాయి, పర్ల్ నిలువులు వెనక్కు తగ్గి వాటి చాటున దాగుతాయి. విడిచిపెడితే ముందు నిలువులు దగ్గరకు చేరి వెనుకవాటిని మూసివేస్తాయి, లాగితే దాగినవి బయటపడతాయి. విసనకర్ర మడతల వలె ఇందులో సాగేది దారం కన్నా మడత ఎక్కువ. దీన్ని మనసులో పట్టుకుంటే మిగిలినదంతా తేలిక.

మనం మామూలుగా కుట్లు ఎక్కించే తీరు ఎలాంటిది? బొటనవ్రేలికి ఒక దారం, చూపుడువ్రేలికి ఒక దారం పట్టి ఎక్కిస్తాము. చూపుడువ్రేలి దారం సూది మీద ఉచ్చవుతుంది. బొటనవ్రేలి దారం ప్రతి ఉచ్చు మొదలునూ ఒక చుట్టు చుట్టి, పక్కదాని మొదలుకు పోతుంది. అంటే అంచు పొడవునా రెండవ దారమొకటి అడ్డంగా నడుస్తున్నదన్నమాట. ముందుకు పొంగవలసిన నిలువునూ, వెనక్కు దాగవలసిన నిలువునూ అది ఒకే గీత మీద కట్టివేస్తుంది. పైన విసనకర్ర మడతలు ఎంత స్వేచ్ఛగా ఆడినా, అడుగున దారం ఎంత పొడవున్నదో అంతవరకే అంచు సాగుతుంది. బిగించి ఎక్కిస్తే పొడవు చాలక నుదుటిని కోస్తుంది. వదులుగా ఎక్కిస్తే చాలినంత పొడవు ఉంటుంది గాని, ముడుచుకునే వేళ ఆ మిగులు దారానికి పోవడానికి చోటు లేదు. అందువల్లనే నా రెండవ టోపీ అంచు అల్లలయినది.

బడి పలుకుబడిలో చెప్పాలంటే ఆ అడ్డుదారం ఆగమం వంటిది. "మా ఇల్లు" అన్న రెండు మాటలు కలిసి "మాయిల్లు" అయినప్పుడు, రెంటిలోనూ లేని యకారం బయటినుంచి వచ్చి నడుమ కూర్చుంటుంది. "రాముడు ఇతడు" కలిసి "రాముడితడు" అయినప్పుడు అలా బయటినుంచి వచ్చినదేదీ లేదు, ఉన్నవాటితోనే అతుకు కుదిరింది. గొట్టపు అంచు ఈ రెండవ తరహాది. ముందు నిట్ నిలువులోని దారమే అడుగున మడతపడి వెనుక నిలువులోనికి పోతుంది, మళ్ళీ ముందుకు వస్తుంది. వాటిని కట్టివేసే మూడవది ఏదీ ఉండదు. ముడి లేదు, గొలుసు లేదు. మొదలు ఎక్కడున్నదో కంటికి తెలియదు. అల్లిన బట్ట దానంతటదే గుండ్రంగా మడతపడినట్లు కనబడుతుంది. నునుపుకూ సాగుడుకూ కారణం ఒక్కటే కావడం నాకు మిక్కిలి ముచ్చట గొలిపిన విషయం.

శీతకాలంలో మన ఊళ్ళలో టిబెటన్లు దుకాణాలు వేసి అమ్మే స్వెటర్లను ఈసారి తిరగేసి చూడండి. యంత్రం అల్లిన మంచి స్వెటరు పట్టీ అడుగున తాడు వంటి గీత కనబడదు, గుండ్రని నున్నని మడత ఉంటుంది. యంత్రంలో ఎదురెదురుగా రెండు సూదుల వరుసలుంటాయి. మొదట రెంటి మీదుగా దారాన్ని అటూ ఇటూ నడిపి, ఆ తరువాత కొన్ని వరుసలు ముందువి ముందు, వెనుకవి వెనుక విడివిడిగా అల్లుతుంది. మనం రెండు చేతులతో చేయబోయేది అదే పని.

ఇక మూడవ టోపీ. మనుమడి తల చుట్టుకొలత 51 సెంటీమీటర్లు. నా ఊలు మధ్యరకం లావు. 8వ నంబరు సూదితో సాదాగా అల్లితే 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వస్తాయి. మన దుకాణాలలో నంబరు పెరిగినకొద్దీ సూది సన్నబడుతుందని కొత్తవారు గుర్తుంచుకోవాలి: 8వ నంబరు 4 మిల్లీమీటర్లు, 10వది 3.25, 12వది 2.75. టోపీకి 96 కుట్లు చాలుతాయి. సాదా లెక్కన అది సుమారు 44 సెంటీమీటర్లే అయినా పట్టీ సాగి తలకు హత్తుకోవాలి గనుక ఆ మాత్రం తక్కువ ఉండాలి. రెండు సూదుల మీద బల్లపరుపుగా అల్లి, చివర వెనుకవైపు కుట్టివేస్తాను కాబట్టి ఒక కుట్టు కలిపి 97 తీసుకున్నాను. వరుసకు రెండు కొసలా నిట్ వస్తుంది. కుట్టేటప్పుడు ఆ రెంటిలో సగం సగం లోపలికి పోయి, బయటకు ఒక్క నిట్‌గా కనిపిస్తుంది.

గొట్టపు ఆరంభానికి పలు దారులున్నాయి. తాత్కాలికంగా వేరు దారంతో మొదలుపెట్టే దారిలోనే తప్పు దొర్లితే వెంటనే కంటబడుతుంది గనుక నేను దానినే ఎన్నుకున్నాను. వేరు రంగు నూలుదారం, నూగులేనిది తీసుకొని, 12వ నంబరు సూది మీద 97లో సగం, అనగా 49 కుట్లు మామూలుగా ఎక్కించి, నాలుగు వరుసలు సాదాగా అల్లాను. చివరి వరుస పర్ల్ కావాలి. అక్కడ నూలు వదలి ఊలు అందుకున్నాను.

ఊలుతో మొదటి వరుస: ఒక నిట్, తరువాత దారాన్ని ముందుకు తెచ్చి సూది మీదుగా వేయాలి, మళ్ళీ నిట్, మళ్ళీ సూది మీదుగా దారం. చివరిది నిట్. 49 నిట్లు, వాటి నడుమ 48 చుట్లు, కలిపి 97. ఈ నిట్లు ముందు నిలువులవుతాయి, ఈ చుట్లు వెనుక నిలువులవుతాయి. అంచు అంతా ఈ ఒక్క వరుసలోనే పుట్టింది.

రెండవ వరుసకు అల్లిక తిప్పాము గనుక ఇప్పుడు చుట్లు మనకు నిట్‌గా అల్లవలసినవి. మొదటి కుట్టు వచ్చినప్పుడు దారం మనవైపు ఉంచి, దానిని అల్లకుండా రెండవ సూదికి దాటించాలి. దారం వెనక్కు పంపి చుట్టును నిట్‌గా అల్లాలి. ఇలాగే చివరి దాకా, కొసన దాటించడంతో ముగుస్తుంది. మూడవ వరుసలో వంతు మారుతుంది: నిట్ కుట్టును నిట్‌గా అల్లి, దారం ముందుకు తెచ్చి పక్కదానిని దాటించాలి. కొసన నిట్. ఈ రెండు వరుసలలో వెనుక ముఖం ఒకసారి, ముందు ముఖం ఒకసారి అల్లబడ్డాయి. అంటే గొట్టానికి ఒక చుట్టు పూర్తి. నాలుగవ వరుస నుంచి 10వ నంబరు సూదికి మారి, ఒక పర్ల్, ఒక నిట్ చొప్పున మామూలు రిబ్బింగ్ మొదలుపెట్టాను. అక్కడ రెండు ముఖాలూ కలిసిపోయి గొట్టం మూతపడుతుంది.

ఇందులో తప్పు సాధారణంగా ఒకే చోట జరుగుతుంది. కుట్టు దాటించేటప్పుడు దారం ముందుకు తేవడం మరచిపోతాము. అప్పుడు దారం గొట్టం లోపల ఉండవలసినది వెలుపలికి వచ్చి, అవతలి ముఖం మీద చిన్న అడ్డగీతగా కనబడుతుంది. పరీక్ష ఆడవారందరికీ తెలిసినదే. లంగాకు బొందు దూర్చే మడత ఉంటుంది గదా, ఈ అంచు అచ్చంగా అలాంటిది. మూడవ వరుస ముగియగానే మొద్దు కొస ఉన్న సన్నని దబ్బనాన్ని పక్కనుంచి ఆ గొట్టంలో దూర్చి నెమ్మదిగా నడిపించాలి. అడ్డులేకుండా ఈ కొసనుంచి ఆ కొసకు పోతే అల్లిక సరి. ఎక్కడ తగిలితే తప్పు అక్కడ. మూడు వరుసలే గనుక విప్పుకోవడం కష్టం కాదు, నలభై వరుసల తరువాత తెలిస్తే ఏడుపే.

నూలుదారం తీయడానికి తొందరపడరాదు. రెండు మూడు సెంటీమీటర్ల పట్టీ అల్లిన తరువాత, నాలుగైదు కుట్లకొకచోట నూలును కత్తిరించి, ముక్కలు ముక్కలుగా తీయాలి. ఒకేసారి లాగితే ఊలును కూడా ఈడ్చి అంచు చెడగొడుతుంది. తాత్కాలిక దారానికి నూగు లేనిదీ వేరు రంగుదీ వాడమన్నది ఇందుకే. ఎర్ర ఊలు వాడిన ఒక సందర్భంలో తెల్ల అంచున గులాబి నూగు అతుక్కొని నన్ను వారం రోజులు వెక్కిరించింది.

మూడవ టోపీ మొదలుపెట్టక మునుపు నేను 25 కుట్లతో మూడు ముక్కలు అల్లి చూశాను, అన్నీ ఒకే ఊలుతో. విడిచిపెట్టినప్పుడు పట్టీ మూడింటిలోనూ ఇంచుమించు 8 సెంటీమీటర్లు. లాగినప్పుడు పైభాగం 16 దాకా పోయినది. మామూలు అంచు 12 దగ్గర నిలిచిపోగా, ఆ ముక్క అడుగున ఇరుకై పైన విచ్చుకొన్నది. వదులు అంచు 16 దాకా వచ్చినది గాని చేయి తీసిన తరువాత 10 దగ్గరే ఆగి, అడుగున అలలు పోయినది. గొట్టపు అంచు 16కు పోయి 8కి తిరిగి వచ్చినది. చేతిలో పట్టి రెండుసార్లు లాగితే చాలు, నా మాట నమ్మనక్కరలేదు.

పద్ధతికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. నేను మొదట చేసిన ముక్కలో గొట్టం వరుసలు నాలుగు అల్లాను, పట్టీకి వాడే సూదితోనే. అంచు గంట మూతిలా విచ్చుకొన్నది. కారణం ఆలోచిస్తే తేలికగానే దొరికింది. గొట్టం వరుసలలో ఒక కుట్టు నుంచి మరో కుట్టుకు పోయే దారం నడుమ దాటించిన కుట్టు మీదుగా పోవాలి, అందుచేత ఎక్కువ పొడవు పడుతుంది. పైగా అక్కడ రిబ్బింగ్ లేదు, ముడుచుకునే బలమూ లేదు. సూది రెండు నంబర్లు సన్నది తీసుకొని, గొట్టం రెండు వరుసలకే పరిమితం చేస్తే ఆ విచ్చుకోవడం పోతుంది. లావుపాటి ఊలుకు ఈ అంచు బొద్దుగా ఉంటుంది, అక్కడ నేను వాడను. రెండు నిట్లు రెండు పర్ల్‌లు వచ్చే రిబ్బింగుకు, గొట్టం పూర్తయిన తరువాత పక్కపక్క కుట్లను సూది మీద తారుమారు చేసుకోవాలి. కుదురుతుంది గాని అంచు ఒకింత అలపడుతుంది. నూలుతో అల్లితే సాగుతుంది, తిరిగి రావడంలో బద్ధకిస్తుంది. ఆ బద్ధకం నూలుది, పద్ధతిది కాదు. ఇక ఆక్రిలిక్ ఊలుతో అల్లినవారు ఆ పట్టీకి వేడి ఇస్త్రీ తగలనీయవద్దు. ఒక్కసారి తగిలిందా, పట్టీలోని పొంగు చచ్చి చదునైపోతుంది. అప్పుడు ఏ అంచూ దానిని బ్రతికించలేదు.

"ఇంత కుట్ర ఎందుకమ్మా, వదులుగా ఎక్కిస్తే పది నిమిషాల పని" అని మా హిందీ టీచరుగారు అంటారని నాకు తెలుసు. ఆవిడ మీద గౌరవం తగ్గలేదు. కాలర్ లేని మఫ్లరుకు, చదునైన శాలువకు నేను ఇప్పటికీ ఆవిడ నేర్పినట్లే ఎక్కిస్తాను, అక్కడ అంచు సాగవలసిన పనిలేదు. టోపీ అడుగున, మణికట్టు దగ్గర మాత్రం అరగంట అదనంగా పడినా గొట్టపు ఆరంభమే చేయాలంటాను. రోజుకు నాలుగుసార్లు లాగి తొడిగి తీసే చోటు అది.

మూడవ టోపీ చేరినది. నుదుటి మీద గీత లేదట, కళ్ళ మీదికి జారడమూ లేదట. కోడలు ఈసారి ఫొటోతోబాటు చిన్నదాని తల కొలత కూడా పంపింది, 47 సెంటీమీటర్లు. దానికి 89 కుట్లు సరిపోతాయి. నిన్న రాత్రి నూలుతో 45 ఎక్కించి పెట్టాను. యతుల టపా ఆ టోపీ తరువాత.